ఖాళీ ఫ్లాట్‌కి వేలల్లో కరెంటు బిల్లు వస్తే: మీటర్ చెక్ అడిగే ముందు ఏం చూడాలి, లెటర్ ఎలా రాయాలి

తాళం వేసి ఉన్న ఫ్లాట్‌కి ఐదారు వేల బిల్లు వచ్చిందనగానే ఎవరి నోటినుంచైనా ముందు వచ్చే మాట "మీటర్ పాడైంది" అని. వెంటనే తెల్లకాగితం మీద "మా మీటర్ తప్పు తిరుగుతోంది, టెస్ట్ చేయగలరు" అని రెండు లైన్లు రాసి సెక్షన్ ఆఫీసులో ఇచ్చేస్తారు. చాలా కేసులు అక్కడే పాడవుతున్నాయి. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లలో కొలత తప్పడం అరుదు. మీటర్‌ని ల్యాబ్‌కి తీసుకెళ్తే చాలాసార్లు "కరెక్టుగానే ఉంది" అని రిపోర్టు వస్తుంది. తప్పు మీటర్‌లో కాకుండా రీడింగ్‌లోనో వైరింగ్‌లోనో ఉంటే దాన్ని ఎవరూ చూడరు. పైగా ఆ రిపోర్టునే చూపించి బిల్లు కట్టమంటారు.

అందుకే మీటర్ చెక్ అడగడానికి ముందు ఒక గంట కేటాయించి తప్పు ఎక్కడుందో మీరే తేల్చుకోవాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇది ఇంకా ముఖ్యం. మీటర్లన్నీ సెల్లార్‌లో ఒకే ప్యానెల్‌లో ఉంటాయి, ఏ వైరు ఏ ఫ్లాట్‌కి పోతుందో బిల్డర్ పెట్టుకున్న ఎలక్ట్రీషియన్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

ముందు బిల్లునీ మీటర్‌నీ పక్కపక్కన పెట్టండి

బిల్లు చేతిలో పట్టుకుని ప్యానెల్ దగ్గరికి వెళ్లండి. మీరు ఊళ్లో లేకపోతే వాచ్‌మన్‌కి వీడియో కాల్ చేసి చూపించమనండి. చూడాల్సిన మొదటిది రీడింగ్ కాదు, మీటర్ నంబర్. బిల్లు మీద ప్రింటైన మీటర్ నంబరూ మీటర్ ఒంటి మీద ఉన్న నంబరూ ఒకటేనా? ప్యానెల్ తలుపు మీద పెయింట్‌తో రాసిన ఫ్లాట్ నంబర్‌ని నమ్మకండి. అది రాసింది పెయింటర్.

మీటర్ నంబర్ కలిస్తే అప్పుడు రీడింగ్ చూడండి. డిస్‌ప్లే మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. వాటిలో kWh అని కనిపించేదే యూనిట్ల రీడింగ్. బిల్లులో ఉన్న ప్రస్తుత రీడింగ్ కంటే ఇది తక్కువగా ఉంటే మీ పని సులువైంది: రీడింగ్ తప్పుగా ఎక్కింది, లేదా మీటర్ చూడకుండా సగటు లెక్క వేశారు. మీటర్ నంబరూ రీడింగూ ఒకే ఫోటోలో వచ్చేలా తీసి, తేదీ రాసి ఇస్తే సరిపోతుంది. మీటర్ టెస్ట్ అక్కర్లేదు, అడగకండి కూడా. రీడింగ్ సరిచేసి బిల్లు మార్చమని మాత్రమే అడగండి.

కొన్ని నెలలు "డోర్ లాక్" అని పడి, తర్వాత ఒక్కసారిగా పెద్ద బిల్లు వచ్చిందా? అప్పుడు యూనిట్లు నిజమే అయినా డబ్బు తప్పు కావచ్చు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్‌లో నెల వాడకం 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 612 యూనిట్లు ఒకే నెలలో వేస్తే మొదటి 200కి 5.10 చొప్పున, తర్వాతి వందకి 7.70, ఆ పై వందకి 9, మిగిలిన 212కి 9.50 చొప్పున ఎనర్జీ ఛార్జీలే 4,704 రూపాయలు. అవే యూనిట్లు నాలుగు నెలలవైతే నెలకి 153. అప్పుడు మొదటి వందకి 3.40, మిగతా 53కి 4.80 పడుతుంది కాబట్టి నెలకి 594.40, నాలుగు నెలలకి 2,377.60. అంటే దాదాపు సగం. ఇలాంటి బిల్లుకి లెటర్‌లో అడగాల్సింది ఒక్కటే: "ఈ యూనిట్లను రీడింగ్ తీయని నెలలన్నిటికీ పంచి, ఏ నెల స్లాబ్ ఆ నెలకి వేయండి."

నంబరూ కలిసింది, రీడింగూ కలిసింది, డోర్ లాక్ నెలలూ లేవు, అయినా ఖాళీ ఫ్లాట్ మీటర్ తిరిగింది. అసలు చిక్కు ఇక్కడే.

మెయిన్ ఆఫ్ చేసి లైట్ చూడండి

మీటర్ మీద చిన్న ఎర్ర లైట్ మిణుకుతూ ఉంటుంది. దాని పక్కన 3200 imp/kWh అనో 1600 imp/kWh అనో రాసి ఉంటుంది. అంటే ఒక యూనిట్ తిరగడానికి అన్నిసార్లు మిణుకుతుంది. ఫ్లాట్‌లోకి వెళ్లి మెయిన్ ఆఫ్ చేయండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపేయండి. మీటర్ దగ్గరికి వచ్చి కనీసం పది పదిహేను నిమిషాలు నిలబడి చూడండి. అంతసేపు ఎందుకంటే పది వాట్ల సెట్‌టాప్ బాక్స్ లాంటి చిన్న లోడ్‌కి 3200 మీటర్ కూడా రెండు నిమిషాలకి ఒక్కసారే మిణుకుతుంది. ఒక నిమిషం చూసి "ఆగిపోయింది" అనుకుంటే పొరపాటే. కొన్ని మీటర్లలో లోడ్ లేనప్పుడు లైట్ నిలకడగా వెలుగుతూనే ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. చూడాల్సింది మిణుకుని.

మెయిన్ ఆపగానే మిణుకు ఆగిపోతే కరెంటు తాగుతున్నది ఫ్లాట్ లోపలే. మర్చిపోయిన గీజర్, ఫ్రిజ్, ఇన్వర్టర్, లేదా గోడలో లీకేజీ. ఇక్కడ ఒక లెక్క వేసుకోండి. నెలకి 612 యూనిట్లంటే రోజుకి 20, అంటే 850 వాట్లు రాత్రీపగలూ ఆగకుండా నడవాలి. ఫ్రిజ్ ఒక్కటే రోజుకి ఒకటి రెండు యూనిట్లకి మించి తాగదు. కాబట్టి ఫ్రిజ్ ఉంది కదా అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి.

మెయిన్ ఆపినా మిణుకుతూనే ఉంటే ఎక్కువగా ఈ మూడు కారణాలు: మీ మీటర్ మీద ఇంకో ఫ్లాట్ నడుస్తోంది, మీటర్ నుంచి మీ ఫ్లాట్‌కి వచ్చే వైరులోంచి ఎవరో లైన్ లాగారు, లేదా మీటర్ లోడ్ లేకుండానే తిరుగుతోంది. చివరిది చాలా అరుదు. మొదటిది మాత్రం కొత్త అపార్ట్‌మెంట్లలో తరచూ కనిపిస్తుంది.

ఈ చూడడమంతా కళ్లతోనే. మీటర్ సీల్ ముట్టుకోవద్దు, ప్రైవేట్ ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టె విప్పించొద్దు. సీల్ తెగి ఉంటే మీ ఫిర్యాదు పక్కకి పోయి విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం కేసు ముందుకొస్తుంది. అలాంటి కేసులు కరెంటు ఫిర్యాదులు వినే వినియోగదారుల ఫోరం పరిధిలోకి రావు.

ఒక కేసు చూద్దాం

నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకోండి. 302 ఫ్లాట్ ఓనర్ ఖమ్మంలో ఉంటారు, కొన్నప్పటి నుంచి తాళమే. ప్రతి నెలా సున్నా, ఒకటి యూనిట్లు వచ్చేవి. మే నెల బిల్లులో పాత రీడింగ్ 2282, కొత్త రీడింగ్ 2894, మొత్తం 612 యూనిట్లు. మీటర్ నంబర్ కలిసింది, రీడింగ్ కలిసింది.

బిల్లులో చాలామంది చూడని గడి ఒకటుంది, ఆర్ఎండీ. ఆ నెలలో ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎంత లోడ్ పడిందో కిలోవాట్లలో చూపిస్తుంది. మీటర్ డిస్‌ప్లేలో MD అని వచ్చేది కూడా ఇదే. పాత నెలల్లో సున్నాకి దగ్గరగా ఉన్నది ఈ నెల 3.4 అయింది. వైరు లీకేజీ అయితే రాత్రీపగలూ ఒకే తీరులో కొద్దికొద్దిగా పోతుంది, ఎండీ ఇంత ఎగరదు. 3.4 కిలోవాట్లంటే రెండు ఏసీలు కలిసి నడిచినట్టు. అంటే ఎవరో కాపురం ఉన్న ఇల్లు ఈ మీటర్ మీద నడుస్తోంది.

302 మెయిన్ ఆపారు, మిణుకు ఆగలేదు. అపార్ట్‌మెంట్‌లోకి ఈ మధ్య కొత్తగా ఎవరు దిగారని వాచ్‌మన్‌ని అడిగితే 402లోకి ఏప్రిల్‌లో కిరాయికి దిగారన్నాడు. వాళ్లని "అన్నా, ఒక్క రెండు నిమిషాలు మెయిన్ ఆపుతారా" అని అడిగారు. ఆపగానే 302 మీటర్ మిణుకు ఆగింది. 302లో గీజర్ వేస్తే 402 పేరున్న మీటర్ మిణకడం మొదలైంది. మొదటి రోజు నుంచీ రెండు వైర్లూ తారుమారై ఉన్నాయి. ఇన్నాళ్లూ రెండు ఫ్లాట్లూ ఖాళీ కాబట్టి బయటపడలేదు. ఈ రెండు పరీక్షలనీ మీటర్ నంబర్లు కనపడేలా ఫోన్‌లో వీడియో తీయాలి. ఈ కేసుకి ల్యాబ్ టెస్ట్ అడిగి ఉంటే మీటర్ నూటికి నూరుపాళ్లు సరిగా ఉందనే వచ్చేది.

లెటర్ ఎవరికి, ఎలా

లెటర్ మీ ఏరియా సెక్షన్ ఆఫీసులోని అసిస్టెంట్ ఇంజినీర్ (ఆపరేషన్) పేరుతో ఉండాలి. స్పాట్‌కి వచ్చి చూడాల్సింది ఏఈ, బిల్లు మార్చాల్సింది ఎలక్ట్రిసిటీ రెవెన్యూ ఆఫీసు అంటే ఈఆర్‌ఓలోని అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసర్, అంటే ఏఏఓ. ఏఈ రిపోర్టు లేకుండా ఏఏఓ బిల్లు ముట్టరు, ఏఏఓకి కాపీ లేకపోతే ఈలోపు కనెక్షన్ కట్ చేసే లిస్టులో మీ నంబర్ పడుతుంది. అందుకే రెండు చోట్లా ఇవ్వాలి. 1912కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, కానీ అది లెటర్‌కి బదులు కాదు.

కనెక్షన్ ఇంకా బిల్డర్ పేరు మీదే ఉంటే సేల్ డీడ్ మొదటి పేజీలు జత చేయండి. మీ తరఫున తమ్ముడో బావగారో తిరుగుతుంటే వాళ్ల పేరుతో చిన్న ఆథరైజేషన్ లెటర్ ఇవ్వండి.

పై కేసుకి లెటర్ ఇలా ఉంటుంది, ఇందులో యూఎస్‌సీ నంబర్ అంటే బిల్లు మీద ఉండే మీ కనెక్షన్ నంబర్:

"గౌరవనీయులైన అసిస్టెంట్ ఇంజినీర్ (ఆపరేషన్) గారికి,
కాపీ: అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసర్, ఈఆర్‌ఓ.

విషయం: యూఎస్‌సీ నంబర్ ........, మీటర్ నంబర్ ........, మే నెల బిల్లు మీద అభ్యంతరం, స్పాట్ తనిఖీ, అవసరమైతే మీటర్ పరీక్ష కోసం వినతి.

అయ్యా,
పై కనెక్షన్ ఉన్న 302 ఫ్లాట్ ఖాళీగా ఉంది. గత ఆరు నెలల్లో నెలకి ఒక యూనిట్‌కి మించి రాలేదు. మే నెలలో 2282 నుంచి 2894 వరకు 612 యూనిట్లకి బిల్లు వచ్చింది. ఆర్ఎండీ 3.4 కిలోవాట్లు అని ఉంది.

........ తేదీన ఫ్లాట్ మెయిన్ ఆఫ్ చేసినా ఈ మీటర్ పల్స్ ఆగలేదు. 402 ఫ్లాట్ మెయిన్ ఆఫ్ చేసినప్పుడు ఆగింది. రెండు ఫ్లాట్ల సర్వీస్ వైర్లు తారుమారైనట్టు అనుమానం. మేము సీళ్లు ముట్టుకోలేదు.

కాబట్టి,
ఒకటి, నా సమక్షంలో స్పాట్ తనిఖీ చేసి, రెండు మీటర్ల నంబర్లు, రీడింగులు, ఏ మీటర్ నుంచి ఏ ఫ్లాట్‌కి సప్లై వెళ్తోందో రిపోర్టులో రాసి కాపీ ఇవ్వగలరు.
రెండు, తారుమారు నిజమైతే సరిచేసి, 302 వాడని యూనిట్లను తీసేసి బిల్లు రివైజ్ చేయగలరు.
మూడు, వైరింగ్ సరిగానే ఉందని తేలితే, విద్యుత్ (వినియోగదారుల హక్కులు) నిబంధనల ప్రకారం చెక్ మీటర్ పెట్టి, ఇప్పుడున్న మీటర్‌ని నా సమక్షంలో సీల్ చేసి ల్యాబ్ పరీక్షకు పంపి, రిపోర్టు ఇవ్వగలరు. మీటర్‌లో దాచి ఉన్న నెలవారీ డేటా తీసే వీలుంటే అది కూడా ఇవ్వగలరు.
నాలుగు, ఇది తేలేవరకు విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 56(1) ప్రకారం గత ఆరు నెలల సగటు మొత్తాన్ని అభ్యంతరంతో కడుతున్నాను. కనెక్షన్ తీయవద్దని మనవి.

జతపరచినవి: మే బిల్లు, ఆరు నెలల పాత బిల్లులు, మీటర్ ఫోటోలు."

ఈ వరస కావాలనే పెట్టింది. ముందు స్పాట్ తనిఖీ, అది తేలకపోతేనే టెస్ట్. "మీటర్ దొంగ మీటర్", "మీవాళ్లు ఇష్టమొచ్చినట్టు రాశారు" లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. రేపు ఫోరంలో చదివేది ఈ కాగితాన్నే.

లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి. "సార్ లేరు, పెట్టి వెళ్లండి" అంటే పెట్టి రావద్దు. ఇన్వర్డ్‌లో వేయమనండి. అదీ కాకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ తేదీ ఎందుకంత ముఖ్యమంటే గడువులన్నీ దాని నుంచే లెక్క. రీడింగ్ మా వాడకానికి సరిపోలడం లేదని వినియోగదారుడు ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో అదనపు మీటర్, అంటే చెక్ మీటర్, పెట్టి, కనీసం మూడు నెలలు రెండూ పోల్చి చూడాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో ఈ నిబంధనలకు చేసిన సవరణ చెప్తోంది.

బిల్లు కట్టాలా వద్దా

అసలు కట్టకుండా కూర్చోవద్దు, భయపడి మొత్తం కట్టేయనూ వద్దు. సెక్షన్ 56(1) చాలా స్పష్టంగా ఉంది. బిల్లు మీద తగువు ఉన్నప్పుడు, అడిగిన మొత్తం గానీ గత ఆరు నెలల సగటు గానీ, రెండిట్లో ఏది తక్కువైతే అది అభ్యంతరంతో జమ చేస్తే తగువు తేలేదాకా కరెంటు తీయకూడదు. ఖాళీ ఫ్లాట్ వాళ్లకి ఇది పెద్ద అండ. ఎందుకంటే వాళ్ల ఆరు నెలల సగటు అంటే ఫిక్స్‌డ్ ఛార్జీలూ కస్టమర్ ఛార్జీలూ కలిపి నామమాత్రమే.

చిక్కల్లా ఎక్కడంటే, యాప్‌లో కట్టేటప్పుడు "అభ్యంతరంతో" అని రాసే చోటు ఉండదు. కౌంటర్‌లో పార్ట్ పేమెంట్ తీసుకోమంటే ఏఏఓ చెప్పాలంటారు. కాబట్టి ముందు స్టాంపు పడిన లెటర్ కాపీ చూపించి ఏఏఓ దగ్గర పార్ట్ పేమెంట్‌కి అనుమతి రాయించుకోండి. కట్టిన రసీదు నంబర్‌ని తర్వాత ఒక లైన్ లెటర్‌గా ఇద్దరికీ మళ్లీ ఇవ్వండి.

తనిఖీ రోజు

ఎవరో ఒకరు తప్పకుండా ఉండాలి. లైన్‌మన్ వచ్చి చూసి "అంతా బాగానే ఉంది" అని వెళ్లిపోతే అది తనిఖీ కింద లెక్కకాదు. రాసిన రిపోర్టు మీద మీ సంతకం అడుగుతారు, చదివే సంతకం పెట్టండి. ఒప్పుకోని మాట ఉంటే సంతకం పైన "దీనికి అంగీకరించను" అని ఒక ముక్క రాయండి.

చెక్ మీటర్ పెడితే ఖాళీ ఫ్లాట్‌కి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. లోడ్ లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు, మూడు నెలలైనా రెండు మీటర్లూ సున్నా చూపిస్తాయి. అందుకని మధ్యమధ్యలో తెలిసిన లోడ్ పెట్టి చూడాలి. దీనికి గీజర్ మేలు, ఇస్త్రీపెట్టె పనికిరాదు, అది మధ్యలో దానంతటదే ఆగుతుంది. రెండు కిలోవాట్ల గీజర్‌ని చన్నీళ్లతో నింపి అరగంట కదపకుండా నడిపితే ఒక యూనిట్ అవుతుంది. చూసే ఓపిక ఉంటే, 3200 మీటర్ ఆ లోడ్‌కి నిమిషానికి 107 సార్లు మిణకాలి. కానీ నీళ్లు వేడెక్కి గీజర్ ఆగకముందే లెక్కపెట్టాలి. పదిశాతం అటూ ఇటూ ఉంటే మీటర్ తప్పని అనుకోకండి, వోల్టేజ్ 230 నుంచి 220కి దిగినా గీజర్ ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ తాగుతుంది. రెట్టింపు, మూడింతలు వస్తే మాత్రం అది గట్టి ఆధారం.

మీటర్ తీసుకెళ్లేటప్పుడు చివరి రీడింగ్, మీటర్ నంబర్, సీల్ నంబర్లు కాగితం మీద రాయించి ఫోటో తీసుకోండి. ల్యాబ్‌లో పరీక్ష జరిగే తేదీ అడిగి, వీలైతే వెళ్లండి.

స్పందన రాకపోతే

సెక్షన్ ఆఫీసు కదలకపోతే ఏఈ పై అధికారి అయిన అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్, అంటే ఏడీఈకి అదే లెటర్ కాపీతో ఒక గుర్తుచేసే లెటర్ ఇవ్వండి. అప్పటికీ తేలకపోతే కన్స్యూమర్ గ్రీవెన్సెస్ రెడ్రెసల్ ఫోరం, అంటే సీజీఆర్ఎఫ్. దీనికి లాయర్ అక్కర్లేదు, మీరే మాట్లాడుకోవచ్చు. అక్కడ పెట్టాల్సిన కాగితాలు మీ దగ్గర అప్పటికే ఉంటాయి: స్టాంపు పడిన లెటర్, అభ్యంతరంతో కట్టిన రసీదు, పాత బిల్లులు, వీడియో. తనిఖీ రిపోర్టు ఇవ్వలేదన్న మాటే ఫోరంలో బలమైన మాట, దాన్ని మొదటి పేరాలోనే రాయండి. ఫోరం తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఎన్ని రోజుల్లో వెళ్లాలో ఆ ఆర్డర్ చివర్లోనే రాసి ఉంటుంది, ఆ గడువు దాటనివ్వకండి.

బిల్లు రివైజ్ అయ్యాక

డబ్బు తగ్గిందని అక్కడితో వదిలేయొద్దు. కొన్నిసార్లు బాకీ మొత్తాన్ని తగ్గిస్తారు గానీ ఖాతాలో 612 యూనిట్లు అలాగే మిగిలిపోతాయి. ఏడాది వాడకం సగటు చూసి అదనపు డిపాజిట్, అంటే ఏసీడీ, వేసేటప్పుడు ఆ యూనిట్లు మళ్లీ బయటికొస్తాయి. అందుకని కన్సంప్షన్ హిస్టరీ ప్రింట్ తీసుకుని, మే నెల యూనిట్లు కూడా మారాయో లేదో చూడండి. మారకపోతే రివిజన్ ఆర్డర్ జత చేసి ఏఏఓకి ఇంకో లెటర్ ఇవ్వండి. వైర్లు మార్చిన తర్వాత వచ్చే మొదటి బిల్లులో ఆర్ఎండీ మళ్లీ సున్నా దగ్గరికి వచ్చిందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఫ్లాట్ ఇంకా చాలా నెలలు ఖాళీగానే ఉండబోతుంటే, "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మేము ఉండం" అని ముందే రాసిచ్చి, ఆ కాలానికి ఫిక్స్‌డ్ ఛార్జీలు అడ్వాన్స్‌గా కట్టండి. అలా చేసిన గృహ వినియోగదారులకి సగటు లెక్కతో ప్రొవిజనల్ బిల్లు పంపకూడదు, కనెక్షనూ తీయకూడదని లెటర్‌లో చెప్పిన 2020 నాటి వినియోగదారుల హక్కుల నిబంధనల్లోనే ఉంది. ఆ లెటర్ కాపీ మీద కూడా స్టాంపు వేయించుకోండి, ఒక కాపీ వాచ్‌మన్ దగ్గర ఉంచి, ప్రతి నెలా రీడింగ్ రోజున మీటర్ ఫోటో వాట్సాప్‌లో పెట్టమని చెప్పండి.